పెండ్లికి 400 గుడ్లు: చల్లనీళ్లలోనా, మసిలే నీళ్లలోనా, ఆవిరి మీదనా?

ఇంట్లో పది గుడ్లు ఉడకపెట్టేటప్పుడు ఎవరూ లెక్కలు చూడరు. గిన్నెలో వేస్తాం, నీళ్లు మసిలినంక పది నిమిషాలు ఉంచి దింపేస్తాం. అదే లెక్క 400 గుడ్లకు వాడితే తేడా కొడుతుంది. పెద్ద గంజు నిండా చల్లనీళ్లు, గుడ్లు కలిసి మసలడానికే అరగంట పైన పడుతుంది. ఆ అరగంటలో గుడ్లు ఊరికే ఉండవు, ఉడుకుతూనే ఉంటాయి. దాని మీద ఇంకో పది నిమిషాలు కలిపితే పచ్చసొన చుట్టూ బూడిద పచ్చ గీత వస్తుంది, కోసినప్పుడు గంధకం వాసన కొడుతుంది. పైగా అడుగున ఉన్న గుడ్డుకు ఒక తీరు వేడి, పైన ఉన్నదానికి ఇంకో తీరు.

వరంగల్, హన్మకొండ చుట్టుపక్కల పెండ్లి దావత్‌లకు, హాస్టల్ క్యాంటీన్లకు, బడి వంటలకు వాడదగ్గ పద్ధతులు మూడు. చల్లనీళ్లలో గుడ్లు వేసి మసలబెట్టడం, మసిలే నీళ్లలోకి జాలి బుట్టతో దింపడం, ఆవిరి మీద ఉడకపెట్టడం. కుక్కర్ సంగతి ఇక్కడే ముగిస్తాను. మధ్యలో మూత తీసి ఒక గుడ్డు కోసి చూసే వీలు లేనిది వందల గుడ్లకు పనికిరాదు.

ముందు చూడాల్సినవి

అందరూ గిన్నె, గ్యాస్, టైం గురించే అడుగుతారు. నేనైతే ముందు అడిగేది వేరు: ఉడికినంక ఈ గుడ్డు ఎటు పోతుంది? వేడి వేడి పులుసులోకా, బిర్యానీ మీదికా, పెంకుతోనే పిల్లల ప్లేట్లోకా, లేక సాయంత్రం దాకా ఆగాలా? జవాబును బట్టి పద్ధతి చాలావరకు తేలిపోతుంది. ఎందుకంటే ప్రమాదం ఉడకపెట్టడంలో కంటే ఆ తర్వాతి గంటల్లోనే ఎక్కువ. గుడ్డు లోపల సాల్మొనెల్లా అనే క్రిమి ఉన్నా, పచ్చసొన పూర్తిగా గట్టిపడేదాకా ఉడికితే అది చస్తుంది. వొలిచిన గుడ్డు మీద నలుగురి చేతులు పడి, 40 డిగ్రీల ఎండలో మూడు గంటలు ఉంటే మాత్రం వేరే క్రిములు పెరుగుతాయి. వాటిలో స్టెఫైలోకాకస్ విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదు. "పులుసులో మసిలింది కదా, ఏం కాదు" అన్న ధైర్యం ఇక్కడ పనిచేయదు.

రెండోది పెంకు రావడం. ఒకరు నిమిషానికి నాలుగైదు గుడ్లు వొలుస్తారు, అదీ పెంకు సాఫీగా వస్తేనే. తెల్లసొన పెంకు లోపలి పొరకు అంటుకుపోతే పని రెట్టింపు అవుతుంది, గుడ్డు చూడటానికి గీకినట్టు ఉంటుంది. పెండ్లి విస్తట్లో అలాంటి గుడ్డు పెట్టలేం. తాజా గుడ్డుకు ఈ బాధ ఎక్కువ. గుడ్డు పెట్టిన కొత్తలో తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువుంటుంది. రోజులు గడిచేకొద్దీ అది పెంకు రంధ్రాల్లోంచి పోయి, తెల్లసొన క్షార గుణానికి మారి, పొరను వదిలేస్తుంది. ఫారం నుంచి పొద్దున వచ్చిన గుడ్లు మధ్యాహ్నం పెండ్లికి వద్దు. దుకాణదారుకు ముందే చెప్పి నాలుగైదు రోజుల కిందటివి తెప్పించుకోండి.

మూడోది పగుళ్లు. నాలుగోది గ్యాసు, కట్టెలు, మనుషులు. వీటిని విడిగా చెప్పుకునే పని లేదు, పద్ధతులతో పాటే వస్తాయి.

| | చల్లనీళ్లు | మసిలే నీళ్లు, జాలి బుట్ట | ఆవిరి |
|---|---|---|---|
| పెంకు రావడం | కష్టం, తాజా గుడ్లయితే మరీ | సులువు | సులువు |
| అన్నీ ఒకే తీరు ఉడకడం | అడుగుకు, పైకి తేడా | బుట్టకు 100 అయితే బాగా | ఒక వరుసలో పేరిస్తే బాగా |
| పగుళ్లు | అడుగు గుడ్లకు ఎక్కువ | నెమ్మదిగా దింపితే తక్కువ | అన్నిటికన్నా తక్కువ |
| గ్యాసు | గంజు మార్చినప్పుడల్లా మొదటినుంచి | ఒకసారి మసిలిన నీళ్లే వాయి వాయికి | తక్కువ నీళ్లు, తక్కువ గ్యాసు |
| మనిషి దగ్గర ఉండడం | తక్కువ | మొత్తం సేపు ఒకరు | మధ్యస్తం |
| ఎవరికి సరిపోతుంది | బడి వంట, 100 లోపు | పెండ్లి, 200 నుంచి 1000 దాకా | రోజూ నడిచే క్యాంటీన్ |

చల్లనీళ్లలో వేసి మసలబెట్టడం

దీనికున్న మంచి గుణం ఒక్కటే, ఏ సామానూ అక్కర్లేదు. కట్టెల పొయ్యి, ఒక బగోనా, నీళ్లు ఉంటే చాలు. బడిలో 80 మంది పిల్లలకు గుడ్డు పెట్టే రోజున వంట చేసే అక్కలు ఇట్లాగే చేస్తారు, అందులో తప్పేమీ లేదు. ఆ గుడ్లు పెంకుతోనే పిల్లల చేతికి పోతాయి, అరగంటలో తినేస్తారు. నిల్వ అనే మాటే రాదు. వారానికోసారి వచ్చే సరుకు కాబట్టి గుడ్లు మరీ తాజావీ కావు, పెంకూ వస్తుంది.

ఈ పద్ధతిలో టైం లెక్కే చిక్కు. 30 గుడ్ల గిన్నె పది, పన్నెండు నిమిషాల్లో మసులుతుంది. 300 గుడ్ల గంజు అరగంటకు పైగా తీసుకుంటుంది. రెండింటికీ "మసిలినంక పది నిమిషాలు" అంటే మొదటిది సరిగ్గా, రెండోది మాడినట్టు ఉడుకుతుంది. తెల్లసొన 62, 65 డిగ్రీల దగ్గరే గట్టిపడటం మొదలవుతుంది, పచ్చసొన 70 దాటితే గట్టిపడుతుంది. పెద్ద గంజులో నీళ్లు 80 డిగ్రీలు దాటిన తర్వాత మసిలే లోపలే గుడ్డు సగం పని పూర్తి చేసుకుంటుంది. అందుకే గంజు ఎంత పెద్దదైతే మసిలినంక ఉంచే సేపు అంత తగ్గాలి. ఆరు నిమిషాలకే నడిమి నుంచి ఒక గుడ్డు తీసి కోసి చూడండి. పచ్చసొన నడుమ తడి మెరుపు కనిపిస్తే ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి. అంతటా పొడిగా, లేత పసుపులో ఉంటే వెంటనే దింపెయ్యాలి. గడియారం కంటే ఈ కోత నమ్మదగ్గది.

అడుగు గుడ్లు పగలడానికి కారణం పైన పడే బరువు. ఆరేడు వరుసలు పేరిస్తే అడుగు వరుస ఆ బరువు మోస్తూ, కాలిన గంజు అడుగును తాకుతూ ఉంటుంది. అడుగున మడత పెట్టిన తడి గుడ్డ వేస్తే కొంత నయం. నాలుగు వరుసలు మించొద్దు. గుప్పెడు ఉప్పు వేస్తే పగుళ్లు ఆగవు కానీ, పగిలిన చోట తెల్లసొన త్వరగా గడ్డకట్టి నీళ్లంతా పాడుకాకుండా ఉంటుంది.

మసిలే నీళ్లలోకి జాలి బుట్ట

పెండ్లికి నేను ఇదే చెప్తాను. నీళ్లు ముందే మసులుతుంటాయి కాబట్టి గుడ్డు బయటి తెల్లసొన ఒక్కసారిగా గట్టిపడి, పొరకు అంటుకోకుండా విడిపోతుంది. పెంకు పెద్ద పెద్ద ముక్కలుగా ఊడొస్తుంది. మొదటి వాయి గుడ్లు బుట్టతో లేపితే నీళ్లు అక్కడే మసులుతూ ఉంటాయి, రెండో వాయి వెంటనే దింపొచ్చు. చల్లనీళ్ల పద్ధతిలో ప్రతిసారీ గంజు నీళ్లు మొదటినుంచి కాగాలి.

ఇక్కడ గుట్టంతా గుడ్ల, నీళ్ల పాళ్లలో ఉంది. 35 లీటర్ల మసిలే నీళ్లలో 105 గుడ్లు, అంటే మూడున్నర అట్టలు దింపితే నీళ్ల వేడి 92 డిగ్రీల దాకా పడి, పెద్ద గ్యాస్ భట్టి మీద మూడు నిమిషాల్లో మళ్లీ మసులుతుంది. అవే నీళ్లలో 300 గుడ్లు ఒక్కసారి గుమ్మరిస్తే 80 దగ్గరకు పడి, తిరిగి మసలడానికి ఎనిమిది నిమిషాలు కూడా పట్టొచ్చు. అప్పుడు అది చల్లనీళ్ల పద్ధతి కిందికే వస్తుంది. పెంకు అంటుకుంటుంది, టైం లెక్క తప్పుతుంది. ఆశపడి బుట్ట నింపొద్దు. 100 గుడ్లకు 30, 35 లీటర్లు, అంతే.

టైం ఎప్పటినుంచి లెక్కపెట్టాలన్నది వంట మాస్టార్ల మధ్య ఎప్పుడూ ఉన్న తగువే. బుట్ట దింపిన క్షణం నుంచి అని కొందరంటారు. హన్మకొండలో ఒక పెద్ద మాస్టారు పనికి కొత్తగా వచ్చిన పిలగానికి చెప్పింది నాకు బాగా నచ్చింది: "దింపినప్పుడు కాదు తమ్మీ, నీళ్లు మళ్ల మసిలినంక చూడు గడియారం." ఆయన లెక్కే సరైనది. మళ్లీ మసిలినప్పటి నుంచి తొమ్మిది నిమిషాలు, పెద్ద సైజు గుడ్లయితే పది. మసులు మరీ గలగలమని ఉండొద్దు, గుడ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. బుడగలు ఆగకుండా వచ్చేంత మంట చాలు.

పగుళ్లకు ఇక్కడ కారణం చలిగుడ్డు వేడినీళ్లలో పడటం. మే నెలలో ఆ బాధ లేదు, గుడ్డే 35 డిగ్రీల్లో ఉంటుంది. మాఘమాసం పెండ్లిళ్లకు రాత్రంతా బయట పెట్టిన గుడ్లు చల్లబడిపోతాయి. వాటిని దింపేముందు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి. ఫ్రిజ్ గుడ్లకూ అంతే. ఇక బుట్ట. పకోడీలు తీసే జాలి గంటెతో 100 గుడ్లు ఒక్కొక్కటే వేస్తే మొదటిదానికి చివరిదానికి నాలుగు నిమిషాల తేడా వస్తుంది. టెంట్ హౌజ్ వాళ్ల దగ్గర పిడులున్న స్టీల్ లేదా అల్యూమినియం జాలి బుట్ట కిరాయికి దొరుకుతుంది. ఉల్లిగడ్డల వలసంచిలో కట్టి దింపేవాళ్లను చూస్తుంటాం. అది మసిలే నీళ్ల కోసం, తిండి కోసం చేసిన ప్లాస్టిక్ కాదు, రంగు కూడా దిగుతుంది.

ఆవిరి మీద

ఇడ్లీ నడిచే క్యాంటీన్‌కు ఇంతకంటే మంచిది లేదు. పెద్ద ఇడ్లీ పాత్ర ఎలాగూ ఉంటుంది, పొద్దున ఇడ్లీల వాయి అయిపోయినంక అదే పాత్రలో గుడ్లు పెట్టొచ్చు. ఒక్కో గుంటలో ఒక్కో గుడ్డు కూర్చుంటుంది, ఒకదానికొకటి తగలదు, పగలదు. ఆవిరి బాగా పట్టినంకే పళ్లేలు పెట్టి, మూత పెట్టిన దగ్గర్నుంచి 14, 15 నిమిషాలు. మసిలే నీళ్లలో లాగే పెంకు సులువుగా వస్తుంది, ఎందుకంటే ఇక్కడా గుడ్డుకు మొదటి క్షణం నుంచే వేడి తగులుతుంది. పై పళ్లెం నుంచి ఒకటి, కింద పళ్లెం నుంచి ఒకటి కోసి చూస్తే మీ పాత్ర తీరు ఒక్కరోజులో తెలిసిపోతుంది. తర్వాత రోజూ అదే టైం.

పెండ్లికి ఎందుకు వద్దంటున్నానంటే, 400 గుడ్లకు సరిపడా పళ్లేలు కిరాయికి దొరకవు. పళ్లేలు లేవని జాలి మీద కుప్పగా పోస్తే నడుమ గుడ్లకు ఆవిరి అందదు, పచ్చిగా మిగులుతాయి. అడుగు నీళ్లు ఇగిరిపోతే పాత్ర మాడుతుంది, ఆ హడావుడిలో దాన్ని చూసేవాళ్లు ఉండరు.

చల్లార్చడం: నీళ్లు ఎక్కడివి?

గుడ్డు దింపినంత మాత్రాన ఉడకడం ఆగదు, లోపలి వేడి పని చేస్తూనే ఉంటుంది. ఆ పచ్చ గీత ఎక్కువసేపు ఉడికినా వస్తుంది, నెమ్మదిగా చల్లారినా వస్తుంది. తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి చేసేదది. తింటే నష్టం లేదు కానీ పెండ్లిలో "పాత గుడ్లు పెట్టిండ్రు" అన్న మాట వస్తుంది.

చాలామంది ఇక్కడ ట్యాంకు నీళ్లు పట్టేస్తారు. రెండు కారణాలకు అది వద్దు. మే నెలలో మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వెచ్చగా ఉంటాయి. అసలు కారణం రెండోది. వేడి గుడ్డు చల్లబడుతుంటే లోపలి గాలి సంకోచించి, పెంకు రంధ్రాల్లోంచి, కంటికి కనపడని పగుళ్లలోంచి చుట్టూ ఉన్న నీళ్లను లోపలికి లాక్కుంటుంది. నీళ్లలో ఏముంటే అది గుడ్డులోకి పోతుంది. అప్పటిదాకా ఉడికి శుభ్రమైన గుడ్డును మురికినీళ్లలో ముంచినట్టే. చల్లార్చే నీళ్లు తాగే నీళ్లే అయ్యుండాలి. భగీరథ నల్లా నీళ్లు శుభ్రమైన డ్రమ్ములో పట్టినవైనా సరే, 20 లీటర్ల క్యాన్ నీళ్లైనా సరే.

ఐసు కూడా అంతే. చేపల మార్కెట్‌కు పోయే ఐసుగడ్డ తాగేనీళ్లతో చేసింది కాదు. తిండికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలన్న నిబంధన అందుకే వచ్చింది. అలాంటి ఐసే దొరికితే దాన్ని గట్టి కవర్లో కట్టి నీళ్లలో పెట్టండి, నీళ్లకు నేరుగా తగలనీయొద్దు.

100 గుడ్ల వేడిని దించడానికి దాదాపు 4 కిలోల ఐసు కరుగుతుంది. ఐసు ఖర్చు తగ్గించాలంటే రెండు టబ్బులు పెట్టుకోవాలి. మొదటి టబ్బులో 20 లీటర్ల మామూలు తాగేనీళ్లు, అందులో మూడు నిమిషాలు. సగానికి పైగా వేడి అక్కడే దిగిపోతుంది, ఆ నీళ్లు వాయి వాయికి మార్చాలి. రెండో టబ్బులో ఐసునీళ్లు, పది నిమిషాలు. గుడ్డు చేతిలో పట్టుకుంటే చల్లగా అనిపించినా లోపల వెచ్చగానే ఉండొచ్చు. ఒకటి కోసి పచ్చసొనకు వేలు తగిలిస్తే తెలుస్తుంది.

ఒక పెండ్లి లెక్క

మే నెల, హన్మకొండ దగ్గర ఫంక్షన్ హాలు, 400 మందికి మధ్యాహ్నం 12:30కు గుడ్ల పులుసు. పెట్టెకు 210 గుడ్లు కాబట్టి రెండు పెట్టెలు, 420. పగిలినవి, కోసి చూసినవి పోగా లెక్క సరిపోతుంది. పొద్దున ఆరింటికే ఉడకపెట్టి పక్కన పెట్టుకుంటే నిమ్మళం అనిపిస్తుంది. కానీ గది వేడి 32 డిగ్రీలు దాటిన చోట ఉడికిన గుడ్డు గంటకు మించి బయట ఉండకూడదు. అందుకే లెక్క వెనకనుంచి వేయాలి.

12:30కు వడ్డన అంటే 11:50కు గుడ్లు మసిలే పులుసులో పడాలి. 11:45కు వొలవడం అయిపోవాలి. ముగ్గురు కూర్చుంటే నిమిషానికి 12 గుడ్లు, 35 నిమిషాల పని. భట్టి 9:45కు ముట్టిస్తే 10:15 లోపల 35 లీటర్లు మసులుతాయి. వాయికి 105 చొప్పున నాలుగు వాయిలు. తిరిగి మసలడానికి మూడు నిమిషాలు, ఉడకడానికి తొమ్మిది, లేపి మార్చడానికి నాలుగైదు, ఒక్కో వాయికి 17 నిమిషాలు. చివరి బుట్ట 11:25కు లేస్తుంది. మొదటి వాయి 10:30కే దిగినా కంగారు లేదు, పెంకుతోనే ఐసునీళ్ల టబ్బులో చల్లారి, అక్కడే ఉంటుంది. వొలిచేవాళ్లు 11 గంటలకు చేతులు సబ్బుతో కడుక్కొని మొదలుపెడతారు. చేతికి పుండు, పట్టీ ఉన్నవాళ్లను ఈ పనికి పెట్టొద్దు. వొలిచినవి 50 చొప్పున గిన్నెలో వేసి ఐసు మీద పెడుతూ పోవాలి.

గాట్లు పెట్టి నూనెలో వేయించే అలవాటుంటే ఇంకో 15 నిమిషాలు ముందుకు జరపండి. గాటు మరిచిన గుడ్డు నూనెలో పేలుతుంది, వేడి నూనె మొహం మీదికి ఎగురుతుంది.

బిర్యానీకైతే ఐసునీళ్ల దశ అక్కర్లేదు. మొదటి టబ్బులో పెంకు పట్టుకునేంత చల్లారితే వొలిచి, దమ్ము విప్పినంక పైన పేర్చాలి.

పులుసు తయారైనంక గంజు కింద మంట తీసెయ్యొద్దు. 60 డిగ్రీల పైన ఉంటే క్రిములు పెరగవు, 65 ఉంటే నిశ్చింత. చిన్న వంట థర్మామీటరు కొనడం మీకిష్టం లేకపోతే గుర్తు ఒకటుంది: గంటె ముంచినప్పుడల్లా ఆవిరి లేవాలి. ఆవిరి ఆగిపోయిందంటే మంట పెంచి మళ్లీ మసలనివ్వాలి. రెండో బంతి ఆలస్యమైతే పులుసు మొత్తం బయట పెట్టకుండా సగం వేడి గంజులోనే ఉంచి, బకెట్లకు కొంచెం కొంచెం తీసుకోవాలి.

ముందురోజే ఉడకపెట్టక తప్పకపోతే

పెంకుతోనే ఉంచాలి. ఐసునీళ్లలో చల్లార్చి, తుడిచి, ఆరనిచ్చి, 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లో పెట్టాలి. రెండు గంటల లోపల ఫ్రిజ్ చేరాలి, 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంట లోపలే. 400 గుడ్లు ఇంటి ఫ్రిజ్‌లో ఒక్కసారి కుక్కితే అది రాత్రంతా చల్లబడదు. కూల్‌డ్రింక్ షాపు ఫ్రిజ్ రాత్రికి అడిగి తీసుకోవడం మేలు. అన్నిటికన్నా చెడ్డ పని, మన దగ్గర ఎక్కువగా జరిగేదీ, రాత్రే వొలిచి బకెట్ నీళ్లలో వేసి పొద్దుటిదాకా వాకిట్లో ఉంచడం. అట్లాంటి గుడ్డు జిగటగా, తెల్లసొన పసుపెక్కి కనిపిస్తే తెలిసిపోతుంది. కొన్నిసార్లు ఏమీ కనిపించదు, వాసనా రాదు. దాన్ని వాడొద్దు.

క్యాంటీన్‌లో సాయంత్రానికి మిగిలినవి పెంకుతో, ఫ్రిజ్‌లో ఉన్నవైతే వారం లోపల వాడుకోవచ్చు, పెట్టె మీద ఉడికిన తేదీ రాసిపెట్టుకోండి. వొలిచినవి ఆరోజుకారోజే. కౌంటర్ మీద గాజు డబ్బాలో మధ్యాహ్నమంతా ఉన్నవి మాత్రం రాత్రి ఆమ్లెట్, బుర్జీ లెక్కల్లోకి కూడా తేవొద్దు, పారెయ్యాల్సిందే. పెండ్లిలో పులుసులో మిగిలిన గుడ్లు సాయంత్రం చుట్టాలకు కట్టివ్వాలంటే, వడ్డన అయిపోగానే మళ్లీ మసలబెట్టి వేడిగా ఉన్నప్పుడే ఇచ్చెయ్యండి, ఇంటికి పోగానే తినమని చెప్పండి. హైదరాబాద్ బస్సు ఎక్కేవాళ్లకు మాత్రం స్వీటు డబ్బా ఇవ్వండి.